“నాన్న నిద్రపోతున్నాడు” అన్నాం, తప్పయింది

బావ గుండెపోటుతో పోయిన రోజు, అక్క ఐదేళ్ల కొడుక్కి “నాన్న నిద్రపోతున్నాడు” అని చెప్పింది నేనే. అప్పటికి అదే మంచిదనిపించింది. వారం తిరిగేసరికి వాడు రాత్రిళ్లు పడుకోనని ఏడుపు. అక్క కాస్త కన్ను మూస్తే చాలు, రెప్పలు పైకెత్తి చూసేవాడు.

పిల్లల సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ‘నిద్ర’, ‘ఊరెళ్లాడు’ లాంటి మాటలు వద్దన్నారావిడ. ఆ వయసు పిల్లలు ఏ మాటనైనా ఉన్నదున్నట్టే తీసుకుంటారట.

ఆ సాయంత్రం అక్క వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది. “నాన్న చనిపోయాడు. గుండెకి పెద్ద జబ్బు చేసి ఆగిపోయింది. ఇప్పుడు నాన్నకి నొప్పి ఉండదు, ఆకలి వేయదు. మళ్లీ రాడు.” వాడు కాసేపు ఆలోచించి, “నేను అల్లరి చేశాననా?” అన్నాడు. ఆ ప్రశ్న వాడి కడుపులో ఎన్ని రోజులుందో! కాదని ఆ రాత్రే నాలుగుసార్లు చెప్పాం. తర్వాత “నన్ను బడికి ఎవరు తీసుకెళ్తారు?” అన్నాడు. నేనని చెప్పాను. వెంటనే దిగి బొమ్మ కారుతో ఆడుకోబోయాడు. బంధువులు విడ్డూరంగా చూశారు గానీ, పసిపిల్లల దుఃఖం అలా వచ్చిపోతూనే ఉంటుందట.

పదకొండేళ్ల పాపది వేరే సంగతి. చావంటే తిరిగి రాకపోవడమని దానికి తెలుసు. అది ఏడవలేదు, “అమ్మకీ గుండె జబ్బుందా?” అని అడిగింది. అక్క పరీక్షలు చేయించుకుని, డాక్టరు చెప్పింది దానికి ఉన్నదున్నట్టు చెప్పింది.

చిన్నోడు నిన్న మళ్లీ అడిగాడు, “పుట్టినరోజుకైనా నాన్న వస్తాడా పిన్నీ?” అని. రాడు నాన్నా, అన్నాను.