సబ్జా, చియా పక్కపక్కనే నానబెట్టి చూశాను

ఎండలు మొదలైతే మా ఇంట్లో నన్నారి షర్బత్ తప్పనిసరి. ఈసారి సబ్జా కొద్దిగానే మిగిలింది. "నా దగ్గర చియా ఉందిగా, రెండూ ఒకటే" అంది వదిన. తులసి కుటుంబమే కాబట్టి చుట్టాలే, కానీ షర్బత్‌లో ఒకదాని బదులు ఇంకోటి పనికొస్తుందా అని నాకు అనుమానం.

పొడిగా ఉన్నప్పుడే తేడా తెలుస్తుంది. సబ్జా మెరుపు లేని నలుపు. చియా నున్నగా, బూడిద రంగు మీద గోధుమ గీతలతో ఉంటుంది, మధ్యలో తెల్లవీ కలుస్తాయి.

రెండు గ్లాసుల మామూలు నీళ్లు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో టీస్పూను వేశాను. సబ్జా చూస్తుండగానే మారిపోయింది. కొద్ది నిమిషాల్లోనే ప్రతి గింజ చుట్టూ తెల్లటి పొర వచ్చింది. పావుగంటకి నల్లటి చుక్క మధ్యలో పెట్టిన చిన్న ముత్యాల్లా అయ్యాయి. కానీ గింజ గింజగానే ఉన్నాయి, మీద ఉన్న నీళ్లు పల్చగానే ఉన్నాయి. నోట్లో వేసుకుంటే పైన జారుడుగా, లోపల చిన్నగా కరకర.

చియా అప్పటికి అడుగున ముద్ద కట్టి కూర్చుంది. వేసిన వెంటనే ఒకసారి, ఐదు నిమిషాలకి మరోసారి కలపకపోతే దాని తీరు అంతే: ముద్ద లోపలి గింజలకి నీళ్లు అందవు, చిదిపితే పొడిగా కనిపిస్తాయి. స్పూనుతో చిదిపి కలిపాను. ఇంకో అరగంటకి గింజల చుట్టూ పల్చటి పొర వచ్చింది, కానీ దాని జిగురు నీళ్లలోకీ దిగింది. గ్లాసు వంచితే నీళ్లు సాగినట్టు కదిలాయి.

షర్బత్‌కి అసలు చిక్కు అదే. నన్నారి, నిమ్మరసం, ఐసు పల్చగా గొంతు దిగాలి. సబ్జాతో అలాగే ఉంది. చియా వేసిన గ్లాసు కాసేపటికే చిక్కబడింది. వదినే రెండు గుక్కలు తాగి, "ఇదేదో జావలా ఉంది" అని పక్కన పెట్టేసింది.

అలాగని చియాని తీసిపారేయక్కర్లేదు. గ్లాసు పాలకి రెండు మూడు టేబుల్ స్పూన్లు కలిపి రాత్రి ఫ్రిజ్‌లో పెడితే, పొద్దుటికి స్పూనుతో తినేంత గట్టిపడుతుంది. మామిడిపండు ముక్కలు వేస్తే చాలా బాగుంటుంది. ఆ పని సబ్జా చేయదు. ఫలూదాకి, రోజ్ మిల్క్‌కి మాత్రం నా ఓటు సబ్జాకే. దాన్ని ముందు నీళ్లలో నానబెట్టి, వడకట్టి పాలలో కలపండి. చిక్కటి చల్లని పాలలో నేరుగా వేస్తే సరిగ్గా ఉబ్బదు.

ఒక జాగ్రత్త. రెండింటిలో దేన్నీ పొడిగా నోట్లో వేసుకుని నీళ్లు తాగొద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. చిన్నపిల్లలకి ఇస్తే బాగా నానాయో లేదో చూసి, స్పూనుతోనే పెట్టండి.