యాభై అయిదేళ్ళ తరువాత తిరిగి వచ్చిన ఆటలమ్మ

2024 సంవత్సరం భోగి నాటి తెల్లవారుజామున, కుడి రొమ్ము కింద పక్కటెముకల వెంట సన్నటి మంటతో నాకు మెలకువ వచ్చింది. ముందురోజంతా పిండివంటల దగ్గర కూర్చున్నాను కనుక కండరం పట్టేసిందనుకున్నాను. సాయంత్రానికి ఆ నొప్పి వీపు నుంచి పొట్ట దాకా పట్టీ కట్టినట్టు పాకింది. సంక్రాంతి నాడు అమలాపురంలో స్కానింగ్ తీయిస్తే, మా అమ్మాయి భయపడినట్టు పిత్తాశయంలో రాళ్ళేమీ లేవని తేలింది. అప్పుడు నేను ఎవరికీ చెప్పని గుర్తు ఒకటుంది. జాకెట్టు గుడ్డ తగిలినా, ఫ్యాను గాలి సోకినా ఆ పట్టీ మేర చర్మం భగ్గుమనేది. లోపలి అవయవాల నొప్పి మామూలుగా అలా ఉండదనీ, చర్మం పైకి ఏమీ కనబడకుండా ఒకవైపే అలా మండుతుంటే నరాన్ని అనుమానించాలనీ తరువాత తెలిసింది.

కనుమ వెళ్ళిన మరునాడు, జనవరి 17న, ఎర్రటి మచ్చలు లేచి సాయంత్రానికి నీటి పొక్కులయ్యాయి. పక్కింటి పిన్నిగారు చూసి, "ఇది సర్పి. తలా తోకా కలవకముందే పసరు వేయించుకోవాలి, కలిస్తే ప్రాణానికి ముప్పు" అన్నారు. నా మేలు కోరే అన్నారు. ఒక రోజు పసరు పూయించుకున్నాను కూడా. పద్దెనిమిదో తేదీ సాయంత్రం చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. పొక్కులు లేచిన 72 గంటల లోపు మందు మొదలుపెడితే ఫలితం ఎక్కువని చెప్పి, ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకు అయిదుసార్లు చొప్పున వారం రోజులు వాడమన్నారు. మూత్రపిండాలకు ఇబ్బంది రాకుండా నీళ్ళు బాగా తాగమన్నారు. పొక్కులన్నీ చెక్కులు కట్టేదాకా వాటిపై గుడ్డ కప్పి ఉంచమని మరీ మరీ చెప్పారు. తరువాత, "చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా అమ్మా?" అని అడిగారు.

పోసింది. 1969లో నాకు ఎనిమిదేళ్ళు. గౌతమీ పాయ మధ్యనున్న మా లంకలో ఆ వేసవి పిల్లలందరికీ వరుసగా పోసింది. మా అమ్మ వేపాకుల మీద పడుకోబెట్టి, పసుపునీళ్ళు పోసి, అమ్మవారు శాంతించి వెళ్ళిపోయిందని చెప్పింది. ఆ అమ్మవారు వెళ్ళలేదని తెలుసుకోవడానికి నాకు యాభై అయిదేళ్ళు పట్టింది.

ఆటలమ్మకూ సర్పికీ కారణం ఒకటే, వేరిసెల్లా జోస్టర్ అనే వైరస్. ఇది హెర్పిస్ కుటుంబానికి చెందినది. ఒంటినిండా పొక్కులు లేచినప్పుడు వైరస్ కొంత చర్మంలోని నరాల కొసల్లో ప్రవేశించి, ఆ నరాల తీగల లోపలే వెనక్కి ప్రయాణించి, వెన్నెముకకు ఇరుపక్కలా గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడులను చేరుతుంది. కొంత రక్తంలో తిరిగే టీ కణాలనే రోగనిరోధక కణాల మీద కూడా అక్కడికి వెళుతుంది. అక్కడ నాడీకణం కేంద్రకంలో తన డీఎన్ఏను ఒక వలయంగా చుట్టి, కణం సొంత ప్రోటీన్లను దాని చుట్టూ కప్పుకొని ఉండిపోతుంది. తన జన్యువుల్లో దాదాపు అన్నింటినీ నోరెత్తకుండా ఉంచుతుంది. కొత్త వైరస్‌లు తయారు కావు, కణం చావదు, దాని పని ఆగదు.

నరాలనే ఎందుకు ఎంచుకుంది అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. చర్మకణాలు కొన్ని వారాల్లో రాలిపోతాయి కనుక అందులో దాగిన వైరస్ కూడా రాలిపోతుంది. నాడీకణం విభజన చెందదు, మనతోపాటే బతికి మనతోపాటే పోతుంది. అక్కడ ఒకసారి చోటు దొరికితే జీవితకాలం దొరికినట్టే. పైగా తిరిగి తెచ్చుకోలేని కణం కనుక శరీరం దాన్ని చంపడానికి తొందరపడదు. నాడీకణం తన లోపలి విషయాన్ని టీ కణాలకు చూపించే గుర్తులను తక్కువగా ధరిస్తుంది. టీ కణాలు అక్కడ కాపలా కాస్తూ, వైరస్ లేవబోతే చాలావరకు కణాన్ని చంపకుండానే అణచివేస్తాయి. ఇక ఆ కణపు తీగ మరో కొస చర్మంలోనే ఉంటుంది గనుక, బయటికి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఎసైక్లోవిర్ ఈ నిద్రాణ వైరస్‌ను ఎందుకు తుడిచిపెట్టలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వైరస్ తయారుచేసే ఒక ఎంజైమ్ తాకితేనే ఆ మందు పనిచేసే రూపానికి మారుతుంది. ఆ తరువాత వైరస్ డీఎన్ఏ నకలు తీసే పనిని అడ్డుకుంటుంది. నిద్రాణంగా ఉన్న వైరస్ ఆ ఎంజైమ్‌ను చేయదు, నకలు తీయదు, కనుక మందుకు దొరకదు.

వయసు పెరిగేకొద్దీ ఈ వైరస్‌ను గుర్తించే టీ కణాల బలం తగ్గుతుంది. రక్తంలో దాని మీద ప్రతిరక్షకాలు నిండుగానే ఉన్నా కాపలా సడలుతుంది. అలా నా వెన్నెముక కుడిపక్క ఒక ముడిలో వైరస్ లేచి, ఒక నరం వెంట చర్మానికి దిగింది. చర్మానికి చేరకముందే నరం వాచింది కనుక పొక్కుల కంటే మూడు రోజులు ముందే నొప్పి వచ్చింది. కుడి ముడి నుంచి వచ్చే నరం ఒంటి నడిమి గీత దగ్గర ఆగిపోతుంది. అందుకే ఒక ముడిలో లేచిన సర్పి నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలవడం జరగదు. పిన్నిగారికి ఇది చెప్తే వెంటనే ఒప్పుకోలేదు గానీ, మళ్ళీ ఆ భయం మాట ఎత్తలేదు.

పొక్కులు లేచిన రోజూ, మరునాడూ మా రెండేళ్ళ మనవడు నా ఒడిలోనే పడుకున్నాడు. ఆటలమ్మ టీకా మన సార్వత్రిక టీకాల జాబితాలో లేదు, వాడికి వేయించనూ లేదు. అమ్మాయి రాజమండ్రి వెళ్ళిపోయాక ఫిబ్రవరి 2న ఫోన్ చేసి, "అమ్మా, బాబుకి ఒళ్ళంతా పొక్కులు" అంది. పద్దెనిమిదో తేదీ నుంచి లెక్కవేస్తే పదిహేను రోజులు. అంటుకున్నాక ఆటలమ్మ బయటపడడానికి పట్టే 10 నుంచి 21 రోజుల మధ్యకు అది సరిగ్గా సరిపోయింది. వాడికి అంటింది సర్పి కాదు. నా పొక్కుల నీటిలోని వైరస్ వాడికి ఆటలమ్మగానే వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఎడ్గార్ హోప్ సింప్సన్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ సంగతినే గమనించారు. తన ఊరి రోగులను పదహారేళ్ళు లెక్కగట్టి 1965లో రాసిన వ్యాసంలో, సర్పి బయటి నుంచి వచ్చేది కాదని, చిన్ననాటి వైరస్ మేల్కొనడమేనని వాదించారు. అంతకుముందు స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ ప్రాంతపు యెల్ అనే చిన్న దీవిలోనూ ఆయన ఈ జబ్బులను పరిశీలించారు. తట్టు వైరస్‌కు కొన్ని లక్షల జనం కావాలి. చిన్న దీవిలో సోకవలసిన పిల్లలందరికీ సోకాక అది అంతరించిపోతుంది. ఈ వైరస్ మాత్రం పెద్దవాళ్ళ నరాల్లో ఆగి, కొత్త పిల్లలు పుట్టేదాకా వేచి ఉండగలదు. వరదలొస్తే పడవ తప్ప దారి లేని మా లంక నాకు కళ్ళ ముందు కదిలింది.

మనవడు పది రోజుల్లో తేరుకున్నాడు. నాకు చెక్కులు మూడు వారాల్లో రాలాయి, మంట మాత్రం మే నెల దాకా ఉంది. తొంభై రోజులు దాటినా తగ్గని నొప్పిని సర్పి తరువాతి నరాల నొప్పి అంటారట. దానికి రాత్రిపూట ప్రీగాబాలిన్ వాడాను. నొప్పి తగ్గాక, యాభై దాటినవారికి ఇచ్చే సర్పి టీకా రెండు మోతాదులు వేయించుకున్నాను. అది వైరస్‌ను వెళ్ళగొట్టదు, టీ కణాల కాపలాను మళ్ళీ నిలబెడుతుంది అంతే. మనవడి టీకాల కార్డు చివరి పేజీలో "ఆటలమ్మ, 2-2-2024" అని నా చేత్తోనే రాసిపెట్టాను.