నాలుగో వారం: ఈల ఎవరికి వినిపిస్తోంది?

సినిమాల్లో శబ్దాన్ని గమనించే నా అభ్యాసంలో భాగంగా, ఈ వారం ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎం’ చిత్రంలోని ఒకే ఒక్క దృశ్యంతో గడిపాను. పిల్లలను చంపే హంతకుడు ఆ చిత్రంలో స్వరకర్త గ్రీగ్ ‘పేర్ గింట్’ సంగీతంలోని ఒక రాగాన్ని ఈల వేస్తుంటాడు. చిత్రానికి నేపథ్య సంగీతం లేనందున, ఈ ఈలే పాత్రను పదేపదే గుర్తుచేసే రాగంగా, అంటే లైట్‌మోటిఫ్‌గా నిలుస్తుంది.

ముందుగా రాగాన్ని గుర్తుపట్టడానికి దాని మొదటి స్వరాలను ‘స రి గ మ ప గ ప’ అని (సాధారణ గాంధారంతో) రాసుకున్నాను. ఐదు మెట్లు వరుసగా ఎక్కి వెనక్కి తగ్గే ఈ ఆకారం తెలిసి ఉంటే, ఈల సగంలో ఆగినా పోల్చుకోవచ్చు.

తర్వాత బెలూన్లు అమ్మే అంధుడు ఈలను మళ్లీ వినే దృశ్యాన్ని మూడుసార్లు చూశాను. మొదట కళ్లు మూసుకుని హెడ్‌ఫోన్లతో విని, శబ్దం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో సమయంతో సహా రాశాను. రెండోసారి శబ్దం తీసేసి, ఎవరి ముఖం ఎప్పుడు మారిందో రాశాను. మూడోసారి రెండూ కలిపి చూస్తూ, ప్రతి శబ్దం పక్కన ‘కథలో దీన్ని ఎవరు వింటున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబు రాశాను.

ఇక్కడే నా గత వారపు పొరపాటు బయటపడింది. శబ్దం పుట్టే చోటు తెరపై కనిపించకపోతే దాన్ని నాన్-డైజెటిక్, అంటే కథాలోకానికి బయటిది, అని లెక్కవేస్తూ వచ్చాను. కానీ ఈల వేసేవాడు చట్రం బయట ఉన్నా, అంధుడు విని స్పందిస్తాడు కనుక ఆ ఈల కథాలోకంలోదే, అంటే డైజెటిక్. తెరపై కనిపించడం వేరు, కథలో ఉండడం వేరు. శబ్దాలను నమోదు చేసే నా పట్టికలో ఈ రెంటికీ ఇప్పుడు వేర్వేరు గడులు పెట్టుకున్నాను. అయితే పాత్ర స్పందించనంత మాత్రాన శబ్దం నాన్-డైజెటిక్ అయిపోదు, పక్క గదిలోని రేడియోను ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అటువంటప్పుడు తలుపు వేస్తే శబ్దం మందగిస్తుందా, దూరం పెరిగితే తగ్గుతుందా అని చూడాలి.

చివరగా ఈలను తీసేసి చూసే పరీక్ష చేశాను. ఈ ఈల స్థానంలో అదే రాగాన్ని వాద్యబృందం నేపథ్యంలో వాయిస్తే ప్రేక్షకుడికి హంతకుడు గుర్తుకు వస్తాడు, కానీ అంధుడికి ఏమీ తెలియదు. హంతకుడు ఎల్సీ అనే పాపకు బెలూన్ కొన్నప్పుడు వేసిన ఈల అంధుడి చెవిలో మిగిలి ఉండబట్టే, అతను పక్కనున్న యువకుణ్ణి వెంట పంపగలుగుతాడు. ఆ యువకుడు అరచేతిపై సుద్దతో ‘M’ అని రాసుకుని హంతకుడి భుజంపై ముద్ర వేస్తాడు. ప్రేక్షకుడి జ్ఞాపకం కోసం ఉండే లైట్‌మోటిఫ్ ఇక్కడ ఒక పాత్ర జ్ఞాపకమై కథను నడిపించింది.

వచ్చే వారం ఇదే పట్టికతో, ఒక పాత్ర పాడిన పాటను తర్వాతి దృశ్యంలో వాద్యబృందం అందుకునే సన్నివేశాన్ని పరిశీలిస్తాను. అక్కడ ‘ఎవరు వింటున్నారు’ అన్న గడిలో జవాబు మారే క్షణాన్ని సెకనుతో సహా పట్టుకోవాలి.