ల్యాప్‌టాప్ దగ్గరికి రాని ఇయర్‌బడ్స్

నా ఫోను కంపెనీవే అని నమ్మకంగా ఆ ఇయర్‌బడ్స్ కొన్నాను. ఫోనులో పాట వింటూ అదే కంపెనీ ట్యాబ్లెట్‌లో వీడియో పెడితే, ధ్వని దానంతట అదే అటు మారేది. ఆఫీసులో ఇచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌తో మాత్రం అలా జరగలేదు. మీటింగు వచ్చిన ప్రతిసారీ ఫోనులో బ్లూటూత్ ఆపి, ల్యాప్‌టాప్‌లో కనెక్ట్ చేసేసరికి మొదటి మాటలు పోయేవి.

బడ్స్‌లోనే లోపం ఉందనుకుని రీసెట్ చేశాను, అప్‌డేట్ చేశాను. ఏమీ మారలేదు. ఒకరోజు రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ల్యాప్‌టాప్‌లో Connected అని రాగానే ఫోనులో ఆ మాట మాయమైంది. అప్పుడు అర్థమైంది. ఈ బడ్స్ ఒకసారి ఒక్క పరికరానికే అతుక్కుని ఉంటాయి. ఫోను, ట్యాబ్లెట్ ఒకే ఖాతాలో ఉండటంవల్ల, తమలో ఏది మోగుతోందో తెలుసుకుని బడ్స్‌ను ఒకదానికొకటి అప్పగించుకుంటున్నాయి. ఆ ఖాతాతో సంబంధం లేని ల్యాప్‌టాప్‌కు ఆ కబురు అందదు. డబ్బాపై 'ఆటోమేటిక్ స్విచింగ్' అని రాసినవాళ్లు ఈ ముక్క కూడా రాసి ఉండాల్సింది.

నాకు కావలసింది మల్టీపాయింట్. ఇందులో బడ్స్ సాధారణంగా రెండు పరికరాలతో ఒకేసారి కలిసి ఉంటాయి, అవి ఏ కంపెనీవైనా సరే. అలాంటివి కొని ముందు ఫోనుతో జత చేశాను. వాటి యాప్‌లో మల్టీపాయింట్ ఆన్ చేసి, బడ్స్‌ను మళ్లీ పెయిరింగ్ మోడ్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌తో కలిపాను. ఈసారి రెండు తెరల మీదా Connected నిలిచింది.

అయినా రెండు చిక్కులు మిగిలాయి. ఫోనులో పాట వింటుంటే ల్యాప్‌టాప్‌లో మెయిల్ వచ్చిన చిన్న శబ్దానికే పాట ఆగిపోయేది. బడ్స్‌కు వీడియో శబ్దమూ మెయిల్ శబ్దమూ ఒకటే మరి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో No Sounds ఎంచుకున్నాక ఆ బాధ తగ్గింది. రెండోది, మీటింగులో అవతలివాళ్ల గొంతు పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు పీలగా వినిపించేది. బడ్స్ మైకు వాడటం మొదలుపెట్టగానే బ్లూటూత్ కాల్స్‌కోసం ఉన్న పద్ధతికి మారుతుంది, అక్కడ ధ్వని నాణ్యత పడిపోతుంది. మీటింగు యాప్‌లో స్పీకరుగా బడ్స్‌ను, మైకుగా ల్యాప్‌టాప్‌లోనిదాన్నే ఎంచుకున్నాను. నిశ్శబ్దంగా ఉండే గదిలో ఇంతకంటే హాయి లేదు.

ట్యాబ్లెట్‌ను మాత్రం ఇప్పుడు చేత్తో కలుపుకోవాలి. దాన్ని కలిపితే మిగతా రెండింటిలో ఒకటి విడిపోతుంది. నేను దానిలో వీడియోలు చూసేది రాత్రిపూటే కాబట్టి, ల్యాప్‌టాప్ మూసేశాకే దాన్ని కలుపుతున్నాను.