సైడ్‌లాక్స్‌కీ గడ్డానికీ మధ్య గ్యాప్ ఎలా పోగొట్టుకున్నానంటే (నా అనుభవం)

ఫుల్ గడ్డం ఉన్న చాలామందికి చెవి పక్కన ఒక గీత కనిపిస్తుంది గమనించారా, తల పక్క జుట్టు సన్నగా దిగి చెవి మధ్యలో ఆగిపోతుంది, దాని కింద గడ్డం ఒక్కసారిగా గుబురుగా మొదలవుతుంది. నాదీ అదే కథ. పక్కలకి ఫేడ్ కొట్టించుకుంటే సెలూన్‌లో అన్న సైడ్‌లాక్స్ దగ్గర జీరో మెషిన్ పెట్టి అడ్డంగా గీసేశాడు, గడ్డమేమో 12 మిల్లీమీటర్లు ఉంది, దాంతో మొహం పక్కనుంచి చూస్తే గడ్డం విడిగా తగిలించినట్టు ఉండేది.

ముందు చూడాల్సింది ఒకటే, ఆ గ్యాప్‌లో వెంట్రుక ఉందా లేదా అని. దువ్వెనతో అక్కడ పైకి దువ్వి చూడండి. పొట్టిగా అయినా వెంట్రుక ఉంటే అది పొడవుల తేడా అంతే, ట్రిమ్మర్‌తో సరిచేయొచ్చు. చర్మమే కనిపిస్తే ఎన్ని గార్డులు మార్చినా లాభం లేదు, పెరగనివ్వాలి. గడ్డం రోజుకి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి 3 మిల్లీమీటర్లు రావాలంటే పది రోజుల దాకా పడుతుంది. నేను అలాగే ఆగాను, ఆ టైమ్‌లో చెవి పక్కన బ్లేడ్ గానీ ట్రిమ్మర్ గానీ పెట్టలేదు, మెడ మాత్రం క్లీన్ చేసుకున్నా.

తర్వాత గడ్డం కడిగి పూర్తిగా ఆరనిచ్చి కిందకి దువ్వాను. తడిగా ఉంటే వెంట్రుక అతుక్కుని పొడవుగా కనిపిస్తుంది, ఆరాక పైకి లేస్తుంది, అప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువ కట్ అయిందని తెలుస్తుంది. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే సైడ్‌లాక్స్‌ని ముట్టుకోకూడదు, కింద గడ్డాన్నే పైకి వెళ్లేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. దవడ మీద 12 అలాగే వదిలేశా, దవడ మూల నుంచి చెవి తమ్మె దాకా 9, తమ్మె నుంచి చెవి రంధ్రం ముందున్న బుడిపె దాకా 6, ఆ పైన 3. ట్రిమ్మర్‌ని వెంట్రుక వాలు వైపే, అంటే పైనుంచి కిందకి నడిపించా, ఎదురు నడిపితే అదే గార్డ్‌తో ఇంకా పొట్టిగా కట్ అవుతుంది.

ఇలా చేశాక కూడా ప్రతి రెండు గార్డుల మధ్య సన్నగా మెట్టు మిగులుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అందుకే గీత పోలేదంటారు. 9కీ 6కీ మధ్య మెట్టుకి 7.5 పెట్టుకోండి (చక్రం తిప్పే ట్రిమ్మర్లు చాలావాటిలో ఇలాంటి మధ్య సైజులు ఉంటాయి), మెట్టు దగ్గరికి రాగానే మణికట్టు తిప్పి ట్రిమ్మర్‌ని చెంప నుంచి బయటికి లేపేయాలి, నొక్కిపెట్టి లాగకూడదు. మధ్య సైజు లేకపోతే దువ్వెన మీద వెంట్రుకలు లేపి బయటికి వచ్చిన కొసలు కత్తెరతో తీసేయొచ్చు, నాకు తమ్మె పక్కన ఉబ్బుగా మిగిలింది అలాగే పోయింది.

ఎక్కడ కట్ చేయాలో తెలియాలంటే ఎదురుగా అద్దం చూస్తే సరిపోదు, కిటికీ పక్కన నిలబడి ఫోన్‌తో పక్కనుంచి ఫోటో తీసుకుని చూడండి. నల్లగా మచ్చలా ఉందంటే అక్కడ పొడవు ఎక్కువ ఉన్నట్టు, అక్కడే తీయాలి, పలచగా తెల్లగా కనిపించే చోట మాత్రం చేయి పెట్టొద్దు, పెట్టారంటే గ్యాప్ ఇంకా పెద్దదవుతుంది. ఇంకోటి, సైడ్‌లాక్ ముందు అంచు, చెంప మీద గడ్డం గీత రెండూ ఒకే వంపులో కలవాలి, ఆ అంచుని లోపలికి తినేస్తే లోపల పొడవులు ఎంత బాగా కలిపినా గ్యాప్ ఉన్నట్టే కనిపిస్తుంది.

పుట్టుకతోనే అక్కడ పలచగా ఉన్నవాళ్లు గడ్డం మొత్తం 5, 6 మిల్లీమీటర్లకి తగ్గించుకుంటే తేడా అంతగా కొట్టొచ్చినట్టు ఉండదు, అంతకుమించి ట్రిమ్మర్ ఏమీ చేయలేదు. ఉన్నట్టుండి గుండ్రంగా నున్నగా వెంట్రుకలు ఊడిపోతే అది పేనుకొరుకుడు కావచ్చు, స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు సెలూన్‌లో కూర్చోగానే నేను చెప్పేది, "అన్నా, సైడ్‌లాక్స్‌కి గీత పెట్టొద్దు, చెవి మధ్యలో 1 నంబర్ ఉంచి కిందకి గడ్డంలో కలిపెయ్". 1 నంబర్ అంటే 3 మిల్లీమీటర్లు, అక్కడ జీరో పెట్టకుండా ఉంటే చాలు, మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు. వారానికోసారి మళ్లీ చెవి పక్కన మాత్రం చూసుకోవాలి, ఎందుకంటే వారంలో 12 ఉన్నది 14 అయినా తెలియదు గానీ 3 ఉన్నది 5 అయితే వెంటనే తెలిసిపోతుంది.