డైపర్ మీదే కన్ను

మా బుడ్డోడికి వైరల్ జ్వరం, గొంతులో పుళ్లు. అన్నం సంగతి సరే, పాలసీసా చూపిస్తేనే మూతి తిప్పేసుకున్నాడు. తిండి రెండు రోజులు తగ్గినా ఫర్వాలేదు, నీళ్లు మాత్రం ఆగకూడదన్నారు డాక్టరమ్మ. బరువును బట్టి రాసిచ్చిన పారాసిటమాల్ వేసి, అరగంటయ్యాక మొదలుపెట్టాం. లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలో కలిపిన చల్లటి ఓఆర్ఎస్, సూది లేని సిరంజితో బుగ్గ లోపలికి 5 ఎం.ఎల్. చొప్పున, రెండు మూడు నిమిషాలకోసారి. గ్లాసుతో ఇస్తే ఉమ్మేసేవాడు, ఇలా మింగేశాడు! చల్లనివేంటని అత్తమ్మ గొణిగారు గానీ, పుళ్లకి చల్లదనమే హాయి. పుల్లటి రసాలైతే మంటే.

సాయంత్రానికి డైపర్ తడిసింది, టెన్షన్ తగ్గింది. ఆరేడు గంటలు పొడిగా ఉన్నా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, నోరు ఎండినా, మత్తుగా పడున్నా ఇక సిరంజి పక్కన పెట్టి ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.