మా వైఫైలో ఉన్నవాళ్లెవరు? జాబితాలో తెలియని పేర్లను ఒక్కొక్కటే తేల్చిన నా అనుభవం

సాయంత్రం పూట వీడియో కాల్స్ తరచూ ఆగిపోతుంటే, అసలు మా వైఫైకి ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూద్దామని రౌటర్ పేజీ తెరిచాను. ఇంట్లో నాకు గుర్తున్నంతవరకు నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక టీవీ, ఒక ప్రింటర్, మొత్తం ఎనిమిది. అక్కడ మాత్రం పదమూడు వరుసలు ఉన్నాయి. కొన్నింటికి పేర్లున్నాయి, కొన్నింటి దగ్గర ఒట్టి గీత, ఒకదాని పేరు `ESP_3F21A8`. అది చూడగానే టెన్షన్ వచ్చిన మాట నిజం. ఆ అయిదూ ఏంటో తేలేదాకా వదలకూడదనుకుని కూర్చున్నాను, ఎలా తేల్చానో వివరంగా రాస్తున్నాను.

రౌటర్ పేజీకి ఎలా వెళ్లాలో తెలియనివాళ్ల కోసం ముందు ఆ ముక్క చెప్పేస్తాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` అని కొడితే `Default Gateway` అనే వరుసలో ఒక నంబర్ వస్తుంది, చాలా ఇళ్లలో అది `192.168.0.1` లేదా `192.168.1.1` అయి ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వాలి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, చాలామటుకు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఇంతవరకూ మార్చకపోయి ఉంటే వెంటనే మార్చేయండి.

లోపలికి వెళ్లాక పరికరాల జాబితా ఒకటి కాదు, రెండు ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే, నాకున్న కంగారులో సగం ఇక్కడే తగ్గిపోయింది. మొదటిది `DHCP Client List`. రౌటర్ ఎవరెవరికి ఐపీ అడ్రస్ ఇచ్చిందో రాసుకున్న పట్టిక అది. ఇచ్చిన అడ్రస్‌కి గడువుంటుంది, చాలా రౌటర్లలో ఇరవై నాలుగు గంటలు, ఆ గడువు తీరేదాకా మనిషి వెళ్లిపోయినా వాళ్ల ఫోన్ పేరు అక్కడే ఉంటుంది. రెండోది వైర్‌లెస్ విభాగంలో ఉండే జాబితా, మా రౌటర్‌లో `Wireless Clients`, వేరే రౌటర్లలో పేరు వేరుగా ఉండొచ్చు. ఈ క్షణాన నిజంగా వైఫైకి అతుక్కుని ఉన్నవి మాత్రమే అందులో కనిపిస్తాయి, పక్కనే సిగ్నల్ ఎంతుందో కూడా చూపిస్తుంది. కేబుల్‌తో పెట్టినవి మాత్రం ఇందులో రావు. కొన్ని రౌటర్లు రెండూ కలిపి ఒకే పేజీలో చూపిస్తాయి, అప్పుడు ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ అన్న గుర్తు చూసుకోవాలి.

నేను మొదట చూసింది గడువుల పట్టిక. వైర్‌లెస్ జాబితా తెరిస్తే పదకొండే ఉన్నాయి. తగ్గిన రెండింటిలో ఒకటి ముందురోజు ఇంటికి వచ్చి వెళ్లిన చుట్టాల ల్యాప్‌టాప్, దాని పేరు చూడగానే తెలిసిపోయింది. ఇంకోదానికి పేరు లేదు, అదేంటో కాసేపటికి తెలిసింది.

ఇక మిగిలింది పదకొండులో ఎనిమిది పోగా మూడు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తెలియనిదాన్ని పట్టుకుని ఇదెవరిది అని ఎంత తల బద్దలుకొట్టుకున్నా తేలదు. మనవి ఏవో ముందు ఒక్కొక్కటీ రుజువు చేసుకుని కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేదే తెలియనిది. పేరు చూసి కొట్టేయడం కూడా సరిపోదు, ఎందుకంటే ఆ పేరు పరికరం తనంతట తాను చెప్పుకునేది, ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. చూడాల్సింది మ్యాక్ అడ్రస్.

మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే అడ్రస్, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు. మొదటి మూడు జతలు తయారీ సంస్థకి ఐఈఈఈ అనే ప్రమాణాల సంస్థ కేటాయించినవి, కాబట్టి ఆ మూడూ వెతికితే ఎవరు చేసిన చిప్పో తెలుస్తుంది. ఆ `ESP_3F21A8` పక్కన మ్యాక్ ఇలా ఉంది:

```
5C:CF:7F:3F:21:A8
```

`5C:CF:7F` అనేది ఎస్ప్రెసిఫ్ సంస్థది. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, చిన్న చిన్న స్విచ్‌ల లోపల వాళ్ల వైఫై చిప్పులు విరివిగా ఉంటాయి. పైగా పేరులో ఉన్న `3F21A8` మ్యాక్‌లోని చివరి మూడు జతలే. అంటే ఎవరూ పెట్టిన పేరు కాదది, చిప్ తనకు తానే పెట్టుకుంది. గీజర్ దగ్గర స్మార్ట్ ప్లగ్ పెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్లగ్ పీకేసి జాబితా రిఫ్రెష్ చేశాను, కాసేపటికి ఆ వరుస పోయింది, మళ్లీ పెడితే వచ్చింది. ఒకటి తేలింది.

రెండోదానికి పేరు లేదు. మ్యాక్ వెతికితే ఎప్పుడూ వినని ఒక సంస్థ పేరు వచ్చింది, వైఫై మాడ్యూళ్లు తయారుచేసే సంస్థ. చాలామంది ఇక్కడే భయపడతారు, ఈ కంపెనీ వస్తువు మా ఇంట్లో లేనే లేదు కదా అని. వస్తువు మీద ఉండే బ్రాండు వేరు, లోపల వైఫై ముక్క చేసిన కంపెనీ వేరు. కాబట్టి తెలియని కంపెనీ పేరు కనిపించినంత మాత్రాన బయటివాళ్లు దూరారని కాదు. దీన్ని పట్టుకోవడానికి ల్యాప్‌టాప్‌లో దాని ఐపీకి ఆగకుండా పింగ్ పెట్టాను, అంటే ఉన్నావా అని పదేపదే అడిగి జవాబు కోసం చూసే కమాండ్:

```
ping -t 192.168.0.107
```

వరసగా జవాబులు వస్తున్నాయి. ఆ కిటికీ అలా తెరిచి ఉంచి, మా తమ్ముణ్ణి ఇంట్లో ఒక్కో వస్తువునీ స్విచ్ బోర్డు దగ్గరే ఆపమన్నాను, రిమోట్‌తో కాదు. టీవీ ఆపాడు, జవాబులు ఆగలేదు. ప్రింటర్ ఆపాడు, ఆగలేదు. "అన్నా, టీవీ వెనక ఇంకో డబ్బా ఉంది, దాని లైటు వెలుగుతూనే ఉంది" అన్నాడు. సెట్‌టాప్ బాక్స్! దాని ప్లగ్ తీయగానే తెర మీద `Request timed out` వరసగా పడింది. రిమోట్‌తో ఆపినా అది స్టాండ్‌బైలో ఉండి వైఫై వదలదు, అందుకే స్విచ్ దగ్గర ఆపమన్నది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, కొన్ని పరికరాలు పింగ్‌కి అసలు జవాబివ్వవు, నిద్రలో ఉన్న ఫోన్లు ఒకసారి ఇచ్చి ఒకసారి మానేస్తాయి. అప్పుడు రౌటర్‌లోని వైర్‌లెస్ జాబితానే రిఫ్రెష్ చేసుకుంటూ చూడాలి.

మూడోదే అసలు చిక్కు. పేరు లేదు, మ్యాక్ `DA` తో మొదలైంది, వెతికితే ఏ సంస్థా రాలేదు. ఇలా వచ్చినప్పుడు మొదటి జతలో రెండో అక్షరం చూడండి. అది `2`, `6`, `A`, `E` లలో ఒకటైతే అది తయారీ సంస్థ ఇచ్చిన అడ్రస్ కాదు, పరికరం తనే కల్పించుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే ఇలా చేస్తున్నాయి, బయట ఎక్కడికి వెళ్లినా ఒకే అడ్రస్‌తో మనల్ని గుర్తుపట్టకుండా ఉండటానికి. మంచి ఏర్పాటే, కానీ ఇంట్లో జాబితా చూసుకునేటప్పుడు ఇబ్బంది పెడుతుంది.

మా ఇంట్లో నాలుగు ఫోన్లకీ ఇలాంటి అడ్రస్‌లే ఉన్నాయి. వాటిని కొట్టేయాలంటే ప్రతి ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మన నెట్‌వర్క్ పేరు మీద నొక్కి, అక్కడ చూపించే మ్యాక్ అడ్రస్ రాసుకోవాలి. అబౌట్ ఫోన్‌లో చూపించేది ఫోన్ అసలు అడ్రస్, అది ఇక్కడ పనికిరాకపోవచ్చు. ఇలా రాస్తుంటేనే ఇందాకటి పేరు లేని వరుస సంగతి తేలింది. మా రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు ఉన్నాయి. ఫోన్ నెట్‌వర్క్ పేరును బట్టి అడ్రస్ కల్పించుకుంటుంది కాబట్టి నాన్న ఫోన్ రెండు పేర్లకీ రెండు అడ్రస్‌లతో వచ్చింది. పొద్దున వాడినది గడువుల పట్టికలో మిగిలిపోయింది, అంతే. ఒకే ఫోన్ ఇద్దరిలా కనిపించడం ఇందుకే.

కానీ `DA` తో మొదలైనది నాలుగు ఫోన్లలో దేనిదీ కాదు. ల్యాప్‌టాప్‌లలో కూడా చూశాను, విండోస్‌లోనూ `Random hardware addresses` అనే సెట్టింగ్ ఉంది, రెండింటిలోనూ ఆఫ్‌లోనే ఉంది. అప్పుడు సిగ్నల్ వరుస చూశాను. ఇంట్లో అన్నిటికంటే దూరపు గదిలో పెట్టిన ఫోన్‌కి మైనస్ 62 చూపిస్తుంటే దీనికి మైనస్ 79. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. మధ్యలో గోడలున్నా ఇంత తగ్గొచ్చు కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. అందుకే మా ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌లు, మిగతా వస్తువులు ఆపేసి, కేబుల్‌తో రౌటర్‌కి కలిపిన ఒక్క ల్యాప్‌టాప్‌లో జాబితా చూశాను. వైర్‌లెస్‌లో ఇంకా ఒక వరుస ఉంది. అదే `DA`. అప్పుడే నమ్మాను, ఇది మా ఇంటిది కాదని.

దాన్ని బ్లాక్ చేసే బటన్ పక్కనే ఉంది, కానీ నేను నొక్కలేదు. కల్పించుకున్న అడ్రస్‌ని బ్లాక్ చేస్తే, ఆ ఫోన్‌లో ఒక్క సెట్టింగ్ మార్చినా వేరే అడ్రస్‌తో లోపలికి వచ్చేస్తుంది, వాళ్ల దగ్గర పాస్‌వర్డ్ ఉన్నంతకాలం బ్లాక్ చేసి లాభం లేదు. అందుకే రెండు నెట్‌వర్క్ పేర్లకీ కొత్త పాస్‌వర్డ్ పెట్టాను, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అవ్వనిచ్చే డబ్ల్యూపీఎస్‌ని ఆఫ్ చేశాను. ఆ తర్వాత అది మళ్లీ రాలేదు. అది ఎవరి ఫోనో నాకు తెలియలేదు, జాబితా చూసి అది తెలుసుకునే దారి కూడా లేదు. కనెక్ట్ అయి ఉన్న చాలా ఫోన్ల నుంచి క్యూఆర్ కోడ్ చూపించి పాస్‌వర్డ్ ఇచ్చేయొచ్చు కాబట్టి, మావాళ్లు ఎప్పుడో ఎవరికో ఇచ్చి ఉంటారు.

పాస్‌వర్డ్ మార్చితే ఇంట్లోవన్నీ ఊడిపోతాయి, ఆ పని తప్పదు. ఫోన్లు సులువు. ప్రింటర్‌కి, స్మార్ట్ ప్లగ్‌కి కాస్త ఓపిక కావాలి, ప్లగ్‌ని రీసెట్ చేసి మొదట్నుంచీ జత చేయాల్సి వచ్చింది. మళ్లీ కలుపుతున్నప్పుడే ఒక్కో పరికరం జాబితాలోకి రాగానే రౌటర్‌లో దానికి మనకు అర్థమయ్యే పేరు పెట్టేశాను. ఒకటి కలిపి, పేరు పెట్టి, ఆ తర్వాతే రెండోది, అన్నీ ఒకేసారి కలిపితే మళ్లీ కలగాపులగం అవుతుంది. ఈ పేర్లు మ్యాక్‌ని బట్టి గుర్తుంటాయి, ఫోన్ అడ్రస్ మారితే పేరు పోతుంది. అందుకని ఐఫోన్‌లో ఇంటి వైఫైకి మాత్రం `Private Wi-Fi Address` ని `Fixed` లో పెట్టాను, ఆండ్రాయిడ్‌లో ఆ నెట్‌వర్క్‌కి ఫోన్ అసలు మ్యాక్ వాడమన్నాను. బయటి నెట్‌వర్క్‌లకి పాత పద్ధతే ఉంచాను.

వచ్చిపోయే చుట్టాలకి ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డే ఇస్తున్నాం. మీరూ అలా పెడితే ఒకటి గమనించండి, కొన్ని రౌటర్లలో గెస్ట్‌లో ఉన్న పరికరాలు మామూలు జాబితాలో రావు, విడిగా గెస్ట్ పేజీలో కనిపిస్తాయి, లెక్క చూసేటప్పుడు అదీ తెరవండి.